ఆటలో ఉండిపోయిన డబ్బు

మాది మార్కాపురంలో కుట్టుపని సామాన్ల దుకాణం. గుండీలు, జిప్పులు, లేసులు, అస్తరు గుడ్డ, దారాలు. ఇలాంటి దుకాణానికి సరుకు విజయవాడ నుంచి వస్తుంది. మా మామగారి కాలం నుంచీ అక్కడి నుంచే వచ్చేది. ఐదేళ్ల క్రితం ఉన్నట్టుండి మా ఆయనకు బెంగుళూరు గుండీల మీద మోజు పుట్టింది. నెలకోసారి రైలెక్కి పోవడం, రెండు రోజులుండి ఒక చిన్న సంచితో రావడం. ఆ సంచిలో ఉన్న గుండీలు విజయవాడలో సగం ధరకు దొరుకుతాయని నాకు తెలుసు. అడిగితే, "క్వాలిటీ చూడవే, క్వాలిటీ," అనేవాడు.

క్వాలిటీ సంగతి తర్వాత బయటపడింది. మన రాష్ట్రంలో ఫోన్లో డబ్బు పెట్టి ఆడే రమ్మీని ప్రభుత్వం అప్పటికే ఆపేసింది. ఇక్కడ యాప్ తెరిస్తే, మీ రాష్ట్రంలో ఆడకూడదు, ఉన్న డబ్బు కావాలంటే తీసుకోండి అని చూపిస్తుంది. మా ఆయన తీసుకోలేదు. రైలు రాష్ట్రం పొలిమేర దాటగానే ఫోన్ తీసి కూర్చునేవాడు. ఆడుకోవడానికి రెండు రాష్ట్రాల మధ్య తిరిగే మనిషి, ఇంట్లో కరెంటు బిల్లు కట్టడానికి వీధి చివరిదాకా వెళ్లమంటే మోకాళ్లు నొప్పులనేవాడు.

ఆ మోకాళ్లే చివరికి మమ్మల్ని కాపాడాయి. నాలుగేళ్ల క్రితం అవి నిజంగానే వాచి, ప్రయాణాలు ఆగిపోయాయి. అప్పుడు నోరు విప్పి, ఎనభై వేలు పోయాయని ఒప్పుకున్నాడు. దుకాణం నిలబెట్టడానికి నా గొలుసు బ్యాంకులో ముప్పై ఎనిమిది వేలకు తాకట్టు పెట్టాం. మా అమ్మ చేయించిన గొలుసు. ఏటేటా వడ్డీ కట్టి తిరగరాయిస్తూ వచ్చాం. ఈ ఏడు బ్యాంకువాళ్లు అలా కుదరదన్నారు. నెలాఖరులోగా అసలు, వడ్డీ మొత్తం కట్టాలి, లేకపోతే వేలానికి నోటీసు పంపుతామన్నారు.

ఆ సాయంత్రం దుకాణం కట్టేస్తూ మా ఆయన ఏదో ఘనకార్యం చేసినవాడిలా గొంతు సవరించుకున్నాడు.

"నీ గొలుసుకు భయం లేదే. నా దగ్గర నలభై ఒక్క వేల మూడొందలు ఉంది."

"యాడుంది?"

"రమ్మీలో. అప్పట్లో ఉండిపోయింది. ఇప్పుడు కేంద్రం డబ్బులాటలన్నీ బందు పెట్టింది గదా, మిగిలింది తీసుకోండని కంపెనీలన్నీ చెప్పినాయి."

నాలుగేళ్లు! నా గొలుసుకు నేను గుండీలమ్మిన డబ్బుతో వడ్డీ కడుతుంటే, ఈయన నలభై వేలు అక్కడ పెట్టుకుని పక్కన పడుకున్నాడు. చేతిలో ఉన్న కత్తెర కింద పెట్టాను. ఎందుకు పెట్టానో ఆయనకు అర్థమై ఒక అడుగు వెనక్కి జరిగాడు. అయినా నాకు ఆశ పుట్టింది, దాచుకోను. గొలుసు వచ్చేస్తుందన్న ఆశ. బ్యాంకు గడువుకు ఇంకా పద్దెనిమిది రోజులుంది.

ఇక డబ్బు తీసే కథ. యాప్‌లోకి వెళ్లాలంటే పాత నంబరుకు ఓటీపీ వస్తుంది. ఆ పాత సిమ్ము ఏది? బస్టాండు దగ్గర గొడుగు కింద కూర్చుని ఎవడో కొత్త సిమ్ము ఉచితంగా ఇస్తుంటే, ఈయన అది తీసుకుని పాతదానికి రీఛార్జి మానేశాడు. నెలల తరబడి రీఛార్జి లేకపోతే నంబరు కంపెనీ వెనక్కి తీసుకుని ఇంకెవరికో ఇస్తుందని, ఊళ్లో సగం మందికి తెలియనట్టే ఈయనకూ తెలియదు. మా వైపు సిమ్ము పారేయడం గుండీ పారేసినంత తేలిక.

"ఎవురికిచ్చినారో వాళ్లకే ఫోన్ చేద్దాం. నంబరొస్తే చదివి చెప్తారు," అన్నాడు మా ఆయన. బుద్ధికి ఇంతకంటే తార్కాణం ఏం కావాలి? చేశాడు. పుల్లలచెరువు వైపు పల్లెలో ఒక పెద్దావిడ ఎత్తింది. స్పీకర్ పెట్టాడు కాబట్టి నేనూ విన్నాను.

"అమ్మా, నీ ఫోన్‌కు ఇప్పుడొక నంబరు వస్తాది. అది కొంచెం చదివి చెప్పమ్మా. నా డబ్బులమ్మా అవి."

"అట్లనా నాయనా. ఏం డబ్బులు?"

"రమ్మీ డబ్బులు."

ఆవిడ అంది: "మా బ్యాంకు సారు చెప్పినాడు నాయనా, దేవుడొచ్చి అడిగినా ఓటీపీ చెప్పొద్దని. నువ్వు దేవుడివి గూడా గాదు, పేకాటోడివి. పెట్టెయ్."

చూడని ఆ ఆవిడ మీద నాకు ఎంత గౌరవం కలిగిందో చెప్పలేను. ఆవిడకు ఉన్న తెలివిలో కాసింత మా ఇంట్లో ఉంటే నా గొలుసు నా మెడలోనే ఉండేది.

దాంతో పని నా చేతికి వచ్చింది. కంపెనీవాళ్ల సహాయం చిరునామాకు నేనే మెయిల్ రాశాను. పాన్ కార్డు, ఆధార్, కార్డు చేత్తో పట్టుకుని దిగిన ఫోటో పంపమన్నారు. దుకాణంలో మా ఆయనను నిలబెట్టి ఫోటో తీశాను. పాన్ కార్డు గడ్డం కింద పెట్టుకుని, పోలీసులు పట్టుకొచ్చినవాడిలా నిలబడ్డాడు. ఆరు రోజులకు నంబరు మార్చారు. లోపలికి వెళ్లాం.

నలభై ఒక్క వేల మూడు వందలు కాదు. ఇరవై ఒక్క వేలు.

మా ఆయన మొహం పాలిపోయింది. "దోచుకున్నారే!" అని అరిచాడు. నేను నిబంధనలు తెరిచి చదివాను. ఖాతా తెరిచిన రోజు ఒప్పుకుంటున్నానని ఈయన వేలు పెట్టి నొక్కిన నిబంధనలే. పన్నెండు నెలలు లోపలికి రాకపోతే ఖాతా నిద్రలో ఉన్నట్టు లెక్క. అప్పటి నుంచి నెలకు ఐదు వందలు నిర్వహణ రుసుము, డబ్బు అయిపోయేదాకా. ముప్పై ఆరు నెలలకు పద్దెనిమిది వేలు. కోసేముందు మెయిల్ పంపారట, పంపారు కూడా. ఆ మెయిల్ చిరునామా ఎప్పుడో ఫోన్ కొన్నచోట దుకాణం వాడు సృష్టించి ఇచ్చింది. పాస్‌వర్డు వాడికే తెలుసు. మిగతా రెండు వేల మూడు వందలు బోనస్. అంటే కంపెనీ ఇచ్చిన బహుమానం, ఆడుకోవడానికే తప్ప ఇంటికి తెచ్చుకోవడానికి పనికిరాదు. అదీ గడువు తీరి పోయింది. గెలిచిన డబ్బు మీదైతే పన్ను కోస్తారట. ఆ గండం మాత్రం మా ఆయన రానివ్వలేదు.

నిద్రపోతున్న మనిషి జేబులోంచి నెల నెలా ఐదు వందలు తీసి, కాపలా కాసినందుకు కూలి అనే కంపెనీని ఏమనాలి? తిట్టడానికి నాకు ఇద్దరున్నారు. దగ్గర ఉన్నవాడిని ముందు తిట్టాను.

పంపమని అడిగితే తిరగ్గొట్టారు. ఈయన దుకాణం పేరున ఉన్న బ్యాంకు ఖాతా నంబరు ఇచ్చాడు. మా ఇళ్లల్లో వచ్చేదేదైనా దుకాణం ఖాతాలోకే పోవాలి. అది మామగారు పెట్టిన ఆచారం. కంపెనీవాడికి మా ఆచారంతో పనేముంది? పాన్ మీద ఉన్న మనిషి పేరుతోనే ఖాతా ఉండాలన్నాడు. ఆయన సొంత పేరున ఒక పొదుపు ఖాతా కంభంలో ఉంది, పెళ్లికి ముందు తెరిచింది. చాలా ఏళ్లుగా ముట్టక అదీ నిద్రపోయింది.

బస్సులో కంభం పోయాం. బ్యాంకులో కౌంటరు దగ్గర అమ్మాయి ఆధార్ నకలు, ఫోటో, సంతకం తీసుకుని నాలుగు రోజులకు మేలుకొలిపింది. మళ్లీ పోతే పాసుపుస్తకం వేసిచ్చింది. అందులో పదమూడు వందలు ఉంది. చివరిసారి ముట్టినప్పుడు ఉన్నది తొమ్మిది వందలే, మిగతాది వడ్డీ.

"ఫీజేమీ కోయలేదామ్మా?" అని మా ఆయన ఆశ్చర్యపోయాడు.

"వాడని ఖాతాకు కోయకూడదు సార్. రూలు," అంది ఆ అమ్మాయి.

"ఇన్నేండ్లు పట్టించుకోకుంటే గూడా వడ్డీ వేసినారే!" అని దారంతా మురిసిపోయాడు. తొమ్మిది వందలు దాచినచోట వడ్డీ, వేలు పోసినచోట కోత. తిరుగు బస్సులో నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

ఇరవై ఒక్క వేలు వచ్చాయి. గొలుసుకు మిగతాది నేను చీటీ పాడి తెచ్చాను. అవసరంలో ఉన్నదాన్నని అందరికీ తెలుసు కాబట్టి ఎక్కువకే పాడాల్సి వచ్చింది. గడువుకు రెండు రోజుల ముందు గొలుసు తెచ్చుకున్నాను.

అంతటితో అయిపోలేదు. డబ్బు తీసుకోవడం వేరు, ఖాతా మూసేయడం వేరు. మూసేయాలంటే మళ్లీ మెయిల్ పెట్టి, వాళ్లు పంపిన లింకు నొక్కి ఒప్పుకోవాలి. ఒకసారి మూస్తే అదే పాన్ మీద మళ్లీ తెరవనివ్వరు. నేను మెయిల్ పెట్టాను. వాళ్లు జవాబుతో పాటు ఖాతా మొదటి రోజు నుంచి జరిగిన లావాదేవీల పట్టీ పంపారు. చివర మొత్తం వేసి ఉంది. మా ఆయన అందులో పోసింది మూడు లక్షల పన్నెండు వేలు.

ఎనభై వేలని చెప్పాడు నాకు.

దుకాణంలో ఎవరూ లేరు. ఫోన్ ఆయన ముందు పెట్టాను. ఆ అంకె చూసి కూడా చూడనట్టు, "డబ్బులొచ్చినాయి గదా," అన్నాడు. "ఖాతా ఉంటే ఏం పోయింది? కోయడానికి గూడా అందులో ఏం లేదు. కోర్టులో కేసులున్నాయంట. ఆట మళ్లొస్తాదేమో."

"మళ్లొస్తే?"

ఆయన దారపు ఉండలు సర్దడం మొదలుపెట్టాడు.

"ఒకటి చెప్పండి," అన్నాను. "నా గొలుసు పెట్టేటప్పుడు ఆ నలభై వేలు అందులోనే ఉన్నాయి. నాలుగేండ్లు వడ్డీ కట్టినాను. ఒక్కసారి తీసి ఇస్తే అయిపోయేది గదా. ఎందుకు తీయలేదు?"

ఆయన బల్ల మీద పడి ఉన్న గుండీలను వేలితో అటూ ఇటూ జరిపాడు. అబద్ధం చెప్పబోయే ముందు గొంతు సవరించుకుంటాడు. ఈసారి సవరించుకోలేదు.

"తీసుకుంటే లెక్క తేలిపోతాది," అన్నాడు. "అందులో ఉన్నన్నాళ్లు ఇంకా ఆటలోనే ఉన్నట్టు. నేను ఓడిపోలేదని అనుకోవచ్చు."

నెల నెలా ఐదు వందలు ఈయన దేనికి కట్టాడో అప్పుడు తెలిసింది. కంపెనీ దోచుకున్నదాని కంటే అది నాకు ఎక్కువ మంట పుట్టించింది. ఆ మంట వెనకే ఏడుపూ వచ్చింది, దాన్ని రానివ్వలేదు.

"నొక్కండి," అన్నాను.

నొక్కాడు. మీ ఖాతా శాశ్వతంగా మూసివేయబడింది అని వచ్చింది. ఆయన దాన్ని రెండుసార్లు చదివి, ఫోన్ బోర్లా పెట్టి, తల ఎత్తకుండా అన్నాడు: "తిట్టవే. ఏమన్నా అను."

ముప్పై ఏళ్లుగా నా తిట్లకు చెవులు మూసుకున్న మనిషి, మొదటిసారి తనంతట తాను అడిగాడు. అదేం ఖర్మో, ఆ ఒక్కరోజు నాకు ఒక్క తిట్టు కూడా రాలేదు.