ఫోనులో బాగున్న పిల్ల

ఆ ప్రతిపాదన రాసింది నేనే. ఇంకొకరి మీదికి నెట్టే వీలు లేకుండా మొదటి అక్షరం నుంచి చివరి సంతకం దాకా నాదే.

కరీంనగర్ సర్కారు దవాఖానలో, మానసిక వైద్య విభాగంలో సోషల్ వర్కర్‌ని. చెవిలో గొంతులు వినబడుతున్నాయని, ఎవరో చంపడానికి వస్తున్నారని పిల్లలు భయపడే తొలి వారాల్లోనే వాళ్లను కలిసి, మందు మొదలుపెట్టి, మూడేళ్లు వెంట ఉండే సేవ ఒకటి కావాలని అందులో అడిగాను. మా దగ్గరికి వచ్చేసరికి చాలామందికి ఏడాది దాటిపోతుంది. ముందు తాయెత్తు, తర్వాత వేములవాడ గుడిలో నిద్రలు, ఆ తర్వాత గది, గొళ్లెం. ఆలస్యమైనకొద్దీ తిరిగి కోలుకోవడం కష్టం. ఆశా కార్యకర్త గానీ కాలేజీ లెక్చరర్ గానీ కబురు చేస్తే రెండు వారాల్లో చూడాలని, ఇళ్లకు వెళ్లే కార్యకర్తలు నలుగురు కావాలని, ఒక్కొక్కరికి పదిహేను మందికి మించి అప్పగించకూడదని రాశాను.

ఉదాహరణకు ఒక అమ్మాయి సంగతి పెట్టాను. లక్సెట్టిపేట దగ్గరి ఊరు, పాలిటెక్నిక్ రెండో సంవత్సరం. తండ్రి దుబాయిలో. తల్లి బీడీలు చేస్తుంది, పిల్ల లాగే నేనూ ఆమెను అవ్వ అనేదాన్ని. రెండు వారాలకొకసారి గురువారం నాడు గోదావరి వంతెన దాటి వాళ్లింటికి వెళ్లేదాన్ని. మాత్రలు చూసేదాన్ని, బరువు తూచేదాన్ని, అవ్వను కూర్చోబెట్టి మాట్లాడేదాన్ని. ఎనిమిది నెలలకు పిల్ల మళ్లీ కాలేజీ బస్సెక్కింది. ఆ రోజు బస్టాండులో నేనే పిచ్చిదానిలా నవ్వుకున్నాను.

కాగితాలు చూసిన అధికారి చెడ్డమనిషి కాదు, నన్ను కూర్చోబెట్టి చాయ్ తెప్పించాడు.

"గింత మందిని ఎవరిస్తరమ్మా? ఇండ్లకు పోవుడెందుకు, ఫోన్లు లేవా? గిది జర తగ్గించు, పైకి పంపుత."

కొలమానాల దగ్గర కూడా ఆగాడు. చదువుకో పనికో తిరిగి వెళ్లారా, మందులు మానేశారా అని నేను రాసినవి కొట్టేసి, మళ్లీ దవాఖానలో చేరారా లేదా అన్నది ఒక్కటే చాలన్నాడు. అది రిజిస్టర్లో ఉంటుంది, ఎవరూ వెళ్లి చూడక్కరలేదు.

అసలుకే మోసం వస్తుందని భయపడ్డాను. "మొదటి దశలో ఇంటి సందర్శనలకు బదులు నెలనెలా ఫోన్ పలకరింపు సరిపోతుంది" అని నా చేత్తోనే రాశాను. నలుగురు కార్యకర్తల చోట నేనొక్కదాన్నే మిగిలాను. మంజూరైంది. విభాగమంతా మిఠాయి పంచాను.

ఏడు నెలలు ఫోన్లే, ఆ పిల్ల ఇంటికి వెళ్లే గురువారాలు కూడా ఆగిపోయాయి. ప్రతినెలా ఆఫీసు వేళలో ఆ అవ్వకు చేసేదాన్ని. "మంచిగనే ఉన్నది మేడం." మాత్రలు? "ఏస్కుంటుంది." కాలేజీ? "పోతుంది." నేను టిక్కు పెట్టి తర్వాతి నంబరు కలిపేదాన్ని. వెనకాల ఆడవాళ్ల మాటలు వినబడేవి. ఇంట్లో సందడి ఉంది, మంచిదే అనుకున్నాను. నివేదికలో ఆ పిల్ల 'తిరిగి చేరనివారు' వరసలో ఉంది. ఆ వరస పొడుగు చూసి అధికారి మెచ్చుకున్నాడు.

ఎనిమిదో నెలలో పిల్లను ఆటోలో తెచ్చారు. ఒళ్లు ఎండిపోయింది, జుట్టు కత్తిరించి ఉంది, కాలి మడమ పైన తాడు ఒరుసుకున్న పుండు. మాత్రలు మానేసి ఆరు నెలలు. అందులో నాలుగు నెలలు వెనక గదిలోనే.

నాకు కోపం ఆగలేదు. వార్డు బయట అవ్వను నిలదీశాను. ప్రతినెలా అడిగాను కదా, ఎందుకు అబద్ధమాడావని.

ఆమె చేతులు చూపించింది. వేళ్ల నిండా తంబాకు.

"బీడీల ఆకు చేస్తుంటం మేడం. చేతులు ఖాళీ ఉండయి. ఫోన్ స్పీకర్‌ల పెడ్త. వాడకట్టు ఆడోళ్లందరు అరుగు మీద నా పక్కనే ఉంటరు. గాళ్ల ముంగట ఏం చెప్పాలె? మీరచ్చినప్పుడు తలుపేసి అడుగుతుండిరి."

ఆ అరుగు మీద నేనెన్నిసార్లు కూర్చున్నానో. ఆడవాళ్లంతా పగలు అక్కడే చేరతారని, వాళ్ల చేతులు ఆగవని నాకు తెలుసు. అందుకే తలుపు వేసేదాన్ని. ఆ సంగతి నా ప్రతిపాదన ఇరవై రెండు పేజీల్లో ఎక్కడా రాయలేదు.

వారం తర్వాత అధికారిని కలిసి, నివేదికలో 'తిరిగి చేరనివారు' అన్న పట్టిక మార్చాలన్నాను. "ఒక్క కేసే కదమ్మా" అన్నాడు. మిగతావాళ్లందరినీ అడిగింది కూడా అదే ఫోన్లో అని చెప్పాను. ఆయన కాగితం పక్కకు జరిపాడు.

పిల్లకు మందు మళ్లీ మొదలుపెట్టారు. ఈసారి నెమ్మదిగా పనిచేస్తోంది, మునుపటంత కోలుకుంటుందని డాక్టరు మాట ఇవ్వడం లేదు. నిన్న నన్ను గుర్తుపట్టింది.

"అక్కా, గురువారం గురువారం కిటికీల నుంచి చూసిన. నువ్వు రాలే."