దారువు, జైలం, జానయ్య సారు

జానయ్య సారు మీర్‌పేట్ సర్కారు బడిలో జీవశాస్త్రం చెప్పేవారు. ఆయన స్కూటర్ డిక్కీలో ఎప్పుడూ ఏదో ఒక మొక్క ఉండేది. ఆకుకూరలమ్మే మనిషనుకుని గేటు దగ్గర ఆపిన వాచ్‌మన్‌లు కూడా ఉన్నారు. ఆయన గురించి చెప్పాలంటే నా పాడుబుద్ధి కూడా చెప్పక తప్పదు. అది లేకుండా చెప్పాలని చూశాను, కుదరలేదు.

నా పేరు విజయశ్రీ, దిల్‌సుఖ్‌నగర్ బడిలో సైన్సు టీచర్ని. 2011 ఎండాకాలంలో కొత్త పాఠ్యపుస్తకం రాయడానికి కమిటీ వేసి, మా ఇద్దరినీ పిలిచి మొక్కల పాఠం ఇచ్చారు. వేరు నుంచి ఆకుదాకా నీళ్లు మోసే కణజాలాన్ని ఇంగ్లిషులో జైలం అంటారు. దారువు అని తెలుగులోనే రాయాలని నేను. జైలం అనే ఉంచి, అర్థం విప్పి చెప్పాలని ఆయన.

"మేడం, గ్రీకుల జైలాన్ అంటె కట్టె. పేరు పెట్టినోడు గాళ్ల ఇంటి మాటనే తెచ్చుకున్నడు. మనం గా కట్టెకు సంస్కృతంల పేరు ఎతికి దారువు అన్నం. మన పిల్లలకు గ్రీకు రాదు, సంస్కృతం రాదు. రెండూ పరాయియే అయినప్పుడు రేపు కాలేజిల అక్కరకొచ్చేదన్న నేర్పొద్దా?"

"తెలుగు పుస్తకంలో తెలుగు మాట ఉండాలి కదండీ."

"ఉండాలె. మరి కట్టె అని రాద్దామా?"

"కట్టె పొయ్యిలోకి, పుస్తకంలోకి కాదు" అని నవ్వాను. నేను పోచంపల్లిలో మగ్గం ఉన్న ఇంట్లో పుట్టినదాన్ని. స్టాఫ్‌రూమ్‌లో 'ఏంది' అనబోయి 'ఏమిటి' అని దిద్దుకుంటూ పద్దెనిమిదేళ్లు గడిపాను. నవ్వింది నా ఇంటి మాట మీదేనని అప్పుడు తోచలేదు.

ఆయన పట్టుదలకు కారణం సంధ్యారాణి. పదో తరగతిలో ఆయన బడికి ఫస్టు. ఇంటర్లో ఇంగ్లిషు మీడియంలో చేరింది. మూణ్ణెల్లకే "నాకు రాదు సార్" అని ఏడ్చి, కాలేజీ మానేసి చీరల షాపులో కుదురుకుంది. "దారువు మీద రెండు పేజీలు రాసే పిల్ల మేడం. జైలం అన్నా గదే అని ఒక్కలన్న చెప్పలె. నేను సుత చెప్పలె" అన్నారు. ఆ చివరి మాట అన్నప్పుడు ఆయన తల ఎత్తలేదు.

వాదన తెగలేదు. బడులు తెరిచాక ఎవరి పాఠం వాళ్ల బడిలో చెప్పి, పిల్లలకు ఒకే ప్రశ్నపత్రం ఇవ్వమన్నారు కమిటీవాళ్లు. పత్రాలు సీలు వేసిన కవరులో ఇచ్చారు. పాఠం అయ్యాకే విప్పాలి. నేను ముందురోజే విప్పాను. జవాబులు పిల్లలతో వల్లె వేయించాను. నలభైమందిలో ముప్పై ఎనిమిదిమంది నెగ్గారు. మీర్‌పేట్‌లో ఇరవై ఇద్దరే. దారువు గెలిచింది.

వారం తిరక్కుండా జానయ్య సారు మా బడికి వచ్చారు. దెబ్బలాటకేమో అనుకున్నాను.

"మీ పిల్లలకు గంత మంచిగ ఎట్ల ఎక్కిందో సూసి నేర్సుకుంట మేడం" అని వెనక బెంచీలో కూర్చున్నారు.

పాఠం మొదలుపెట్టాను. దారువు పని ఏమిటని అడిగితే తరగతంతా ఒక్క గొంతుతో అప్పజెప్పింది. సారు సంబరంగా లేచి, సంచిలోంచి తెల్ల చామంతి తీశారు. రాత్రంతా ఎర్రసిరా నీళ్లలో ఉంచారట, రేకులు ఎర్రబారాయి. కాడను నిలువునా చీల్చి, ముందు వరసలోని మాలతికి ఎర్ర గీతలు చూపించారు.

"గివేంది బిడ్డా?"

"నీళ్లు పోయే తోవ సార్."

"శభాష్. దాని పేరు?"

మాలతి నా ముఖం చూసింది. మిగతా పిల్లలూ నా ముఖమే చూశారు. ఆయన కూడా నా వైపు చూశారు, ఒక్క క్షణమే. కాడను మెల్లగా మాలతి చేతిలో పెట్టి, "పొయ్యొస్త మేడం" అని వెళ్లిపోయారు.

పుస్తకం ప్రెస్సుకు పోవడానికి ఇంకా పదిరోజులుంది. కమిటీకి ఒక్క ఫోను చేస్తే సరిపోయేది. చెయ్యలేదు.

సెప్టెంబరులో ప్రత్యేక రాష్ట్రం కోసం సమ్మె మొదలైంది. ఎల్బీనగర్ టెంటులో టీచర్లమంతా కూర్చున్నాం. మైకు నా చేతికిచ్చారు. "మన మాటను ఎక్కిరించినోళ్లను ఇడ్సిపెట్టొద్దు" అని గొంతు చించుకున్నాను. చప్పట్లు మోగాయి. మూడో వరసలో జానయ్య సారు కూడా కొడుతున్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. దిగి నేరుగా ఆయన దగ్గరికే వెళ్లాను.

"సార్, ఆ కవరు నేను ముందురోజే విప్పిన."

"తెల్సు మేడం. గా దినమే తెల్సింది."

"మరి కమిటీకి ఎందుకు చెప్పలే?"

"మీరే చెప్తరనుకున్న. ప్రెస్సుకు పోయేదాక ఎదురుసూసిన."

ఆయన మంచినీళ్ల గ్లాసు నా చేతికిచ్చి, పక్కకు జరిగి చోటిచ్చారు.

రిటైరయ్యేదాకా ప్రతి జూన్‌లోనూ పిల్లల పుస్తకాల్లో ఆ పేజీ తీసి, దారువు పక్కన జైలం అని, దాని కింద కట్టె అని పెన్సిలుతో తానే రాసేవారట. ఇప్పుడు మా బడిలో నేనూ రాస్తున్నాను. పుస్తకంలో ముందే ఎందుకు రాయలేదు టీచర్ అని పిల్లలు అడుగుతారు. బెల్లు కొట్టేదాకా పెన్సిలు చెక్కుకుంటూ కూర్చుంటాను.