అవ్వకు సగమే వచ్చు

మా అవ్వ హనుమంతమ్మకు దారం ఆట వచ్చని బత్తలపల్లె అంతటికీ తెలుసు. సగమే వచ్చని ఆ రోజుదాకా అవ్వకే తెలియదు.

మధ్యాహ్నం కరెంటు పోయింది. లోపల మగ్గం ఆగింది, ఫ్యాను ఆగింది, పిల్లలు మాత్రం ఆగలేదు. మా అక్క పిల్లలు గౌతమి, ఆంజి వసారాలో ఒకరి జుట్టు ఒకరు పీక్కుంటున్నారు. నేను పక్కనే చిన్నవాడు ఆంజి చెవిలో ఈక పెడుతూ నా వంతు సాయం చేస్తున్నాను.

"శశీ, నువ్వు గడ్డం వచ్చిన కోతివిరా," అని అవ్వ మూల నుంచి పురికొస తీసింది.

పట్టుపోగు జారిపోతుంది, పురికొస అయితే వేలిని పట్టుకుంటుందట. రెండు కొసలూ ముడేసి, బొటనవేళ్లు వదిలేసి, గౌతమి రెండు అరచేతులకూ ఒక్కో చుట్టు చుట్టింది.

"నడిమేలితో ఆ చేతి మింద పోగు లేపు. ఇప్పుడు ఈ చేతి మిందది. చేతులు దూరం జరుపు. సూడు, ఉయ్యాల!"

రెండు పక్కలా పోగులు ఒకదాని మీద ఒకటి అడ్డంగా పడి రెండు కత్తెరలయ్యాయి. అవ్వ రెండు చేతుల బొటనవేలు, చూపుడువేలుతో ఆ కత్తెరలను గిల్లి పట్టి, బయటికి లాగి, అంచు పోగుల కింద నుంచి తిప్పి, నడిమిలోంచి పైకి వచ్చి, చేతులు విప్పింది. ఉయ్యాల గౌతమి చేతుల్లోంచి మాయమై అవ్వ చేతుల్లో మంచమైంది.

ఆంజి నోరు తెరిచాడు. నా ఈక కింద పడింది.

"దీని తర్వాత మగ్గమొస్తాది, ఆమైన బోర్ల ఉయ్యాల, చివర్లో చేప. చేప దాకా చూపిస్తా. తీసుకో మే!"

గౌతమి కత్తెరలను పట్టుకుని తిన్నగా పైకి లాగింది. దారం చిక్కుపడింది.

"అట్ల కాదు."

"ఎట్ల మల్ల?"

అవ్వ చిక్కు విప్పబోయి ఆగింది. "అది నాకెట్ల తెలుస్తాది? అది మా అక్క వంతు."

చిన్నప్పటి నుంచీ ఆట మొదలుపెట్టేది అవ్వకు అక్క అయిన నల్లమ్మవ్వ. ఒకటి ఈమె తీస్తే ఇంకొకటి ఆమె. ఆమె తీసేటప్పుడు ఈమె పని చేతులు కదపకుండా ఉండటమే. గోరంట్లలో ఉన్న ఆ నల్లమ్మవ్వతో మాటలు లేవు. నీళ్లెక్కడున్నాయో చెబుతానని ఆమె అరచేతిలో టెంకాయ పెట్టుకుని మా పొలమంతా తిరిగి, అది లేచి నిలబడిన చోట బోరు వేయిస్తే, నీళ్లకు బదులు దుమ్ము లేచింది. "అది చచ్చినా నేను మాట్లాడను," అని అవ్వ ఒట్టు పెట్టుకుంది.

"చేప రాదంట, పోదాం పా," అని ఆంజి లేచాడు.

"రేయ్, కూసో!" అంది అవ్వ. గొంతులో కోపం కన్నా బతిమాలడమే ఎక్కువ వినిపించింది. పిల్లలు ఇప్పుడు లేస్తే మళ్లీ ఆ పురికొస ముట్టరు. అది అవ్వకూ తెలుసు.

నేను ఫోన్ తీసి, కుండకు ఆనించి, గోరంట్లకు వీడియో కాల్ కలిపాను.

"ఎవురూ? శశిగాడా? యాడ చూసినా చూరే కనపడతాండాదే!"

ఆ గొంతు వినగానే అవ్వ నా వైపు చూసిన చూపుకు నేను స్తంభం చాటుకు జరిగాను. గౌతమి మళ్లీ ఉయ్యాల వేసింది. అవ్వ మంచం తీసి, ఫోన్ వైపు చూడకుండా, మంచాన్ని మాత్రం ఫోన్‌కు ఎదురుగా పెట్టింది.

"నేనేమీ మాట్లాడతా లేదు. పిల్లకు చెప్పమను," అంది గోడతో.

 ఫోన్ కిసుక్కుమంది.

"ఏమే హనుమీ, అది కూడా తెలీదా? ఇప్పుడు నువ్వు జేసిందే మల్లా జేయల్ల! కత్తెర పట్టి, బయటికి లాగి, అంచు కింద తిప్పి, పైకి!"

గౌతమి అలాగే చేసింది. నాలుగు పోగులు బారుగా నిలబడ్డాయి. మగ్గం!

"అంతేనా?" అంది అవ్వ. ఇన్నేళ్లూ అక్క దాచుకున్న విద్య తన చేతుల్లోనే ఉంది. ఈసారి తనదే వంతు. చిటికెనవేళ్లతో నడిమి పోగులు రెండింటినీ అటుది ఇటు, ఇటుది అటు లాగి పట్టి, మిగిలిన వేళ్లను అంచు పోగుల కింద నుంచి నడిమిలోకి తెచ్చి విప్పింది. ఉయ్యాల బోర్లా పడుకుంది.

"ఓహో! చిటికెనేళ్లా!" అంది ఫోన్. "అదే నాకు తెలీకుండా పోయ! మా ఈది పిల్లోళ్లతో ఈడికొచ్చి నిలబడిపోతాంటి!"

అవ్వ ముఖం తిప్పి మొదటిసారి ఫోన్‌లోకి చూసింది. "అక్కా, తర్వాతది చెప్పు."

"చెప్తే రాదే అది. చేత్తోనే చూపీల్ల. పట్టుకునుండు, బస్సెక్కుతాండా. టెంకాయ తెచ్చేదా?"

"తే," అంది అవ్వ. "చట్నీకి."

గోరంట్ల బస్సు వచ్చేసరికి పొద్దు వాలుతుంది. తీసి పక్కన పెట్టమంటే అవ్వ వినలేదు. దారం చేతుల మీదే పెట్టుకుని కూర్చుంది. ఆంజి లోటాతో మజ్జిగ తాగిస్తున్నాడు. గౌతమి పక్కనే కూర్చుని ఉత్త వేళ్లతో కత్తెరలు గిల్లుతోంది.

"శశీ," అంది అవ్వ నెమ్మదిగా, "ముక్కు దురద పెడతాందిరా."

నా ఈక ఎక్కడ పడిందో వెతుకుతున్నాను.