అక్క వరసకు ఎగతాళి లేదు

సెప్టెంబరు ఆరు, శనివారం, సాయంత్రం. రాయదుర్గంలో మా ఇంటి వరండా. మధ్యాహ్నం నుంచి మబ్బు కమ్ముకుని ఉంది, వాన మాత్రం పడలేదు. ఉన్నవాళ్లు: నేను, నా భార్య, పక్కింటి డ్రాయింగు మాస్టరు, ఆయన భార్య, నా స్నేహితుడు.

ఎక్కడికి పోయినా తేదీ, ఉన్నవాళ్ల పేర్లు రాసి పెట్టుకోవడం బస్టాండులో కంట్రోలరుగా చేసిన రోజుల నుంచి నాకున్న అలవాటు. ఇక్కడ పేర్లు మాత్రం రాయడం లేదు. ఎవరినీ బజారుకు ఈడ్చడం నా ఉద్దేశం కాదు. ఆ సాయంత్రం ఏం జరిగిందో చెప్పడమే నా పని.

నా స్నేహితుడు బళ్లారి రూట్లో కండక్టరు. అతని బస్సు ఎక్కడానికి జనం ఇంకో బస్సు వదిలేసుకునేవాళ్లు. "ముందుకు జరగండప్పా, బళ్లారి ముందర ఉండాది, ఎనక లేదు" అని అరిస్తే నిలబడి నిలబడి కాళ్లు పీకుతున్న ముసలివాళ్లు కూడా నవ్వేవాళ్లు. డ్యూటీలో చేరిన మొదటి రోజే నా కిటికీలోకి తొంగి చూసి "బావా, నా బండికి టైము రాయి" అన్నాడు. మా కులాలు వేరు, ఊళ్లు వేరు. అయినా ఆ రోజు నుంచి నేను అతనికి బావను. బావ కాబట్టి నన్ను ఏమైనా అనవచ్చు. నా బట్టతల, నా చేతిరాత, మా అత్తగారి ఊరు, ఏదీ వదలలేదు. నేనూ తిరిగి అనేవాణ్ని. బావా బామ్మర్దుల మధ్య ఎగతాళి మా వైపు తప్పు కాదు, లేకపోతేనే ఏదో కొట్లాట జరిగిందనుకుంటారు.

నా భార్యకు వినికిడి తగ్గింది. ఆమె ఇంట్లోనే కుట్టు నేర్పుతుంది. మా ఊళ్లో జీన్సు కుట్టే యూనిట్లలో పనికి పోవాలనుకునే ఆడపిల్లలు ముందు ఆమె దగ్గరికి వస్తారు. వాళ్లు అడిగేది వినపడక, తప్పు జవాబులు చెబుతున్నానని తెలిసి, ఆమె తనంతట తానే బళ్లారికి పోదాం అంది. ఆ రోజు మాతో వచ్చింది నా స్నేహితుడే. ఆస్పత్రిలో మందుల చీటీ పట్టుకుని మెట్లెక్కి దిగింది అతనే. చెవి వెనక పెట్టుకునే చిన్న మిషను తెచ్చుకున్నాం. తిరుగు బస్సులో కిటికీ అద్దం గడగడలాడితే ఆమె ఉలిక్కిపడి, తర్వాత నవ్వింది. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, అతను చెడ్డవాడని ఎవరూ అనుకోకూడదు. చెడ్డవాడైతే నా పని సులువయ్యేది.

మొదటి ఎగతాళికి ఆమె కూడా నవ్వింది. "మా అక్కకు రెండు మిషన్లప్పా. ఒకటి కాలితో తొక్కల్ల, ఇంకోటి చెవిలో తిప్పల్ల. రెండిటికీ నూనె కావల్ల." బాగానే ఉంది. ఆ తర్వాత వచ్చింది అసలైన ఆట. అతను మాట్లాడుతూ మాట్లాడుతూ గొంతు ఆపేసి, పెదవులు మాత్రం ఆడించేవాడు. అంతకు ముందే మిగతావాళ్లకు కన్ను కొట్టి, వేలు పెదవుల మీద పెట్టి చూపేవాడు. అందరూ ఊపిరి బిగపట్టేవాళ్లు. నా భార్య మిషను ఆగిపోయిందనుకుని చెవి దగ్గర తడుముకునేది. మిషను తీసి, చిన్న మూత తెరిచి, బ్యాటరీ సరిచేసి మళ్లీ పెట్టుకునేది. పెట్టుకునేటప్పుడు అది కీచుమనేది. ఆ కీచుకు అందరూ ఫక్కున నవ్వేవాళ్లు.

"ఊరికే తమాషాకు చేస్తి లేక్కా!"

ఆ మాట ఎప్పుడూ సిద్ధంగా ఉండేది.

కొన్నాళ్లకు ఆమె మిషను తీసి డబ్బాలో పెట్టేసింది. ఏమైందని అడిగితే "తల నొస్తాది" అంది. కుట్టు నేర్చుకునే పిల్లలను తర్వాత రమ్మని పంపేసింది. వంటింట్లో కుక్కరు కూత వినపడక పప్పు మాడిపోయింది. మాడిన గిన్నెను ఆమె పెరట్లో కూర్చుని తోముకుంది. తలనొప్పి కాదని నాకు అర్థమైంది. నాలుగు మాటలు వినడానికి తెచ్చుకున్న మిషను, నలుగురిలోకి పోవాలంటే భయం పుట్టించే వస్తువైపోయింది. ఇక ఆమె ఆ డబ్బా మూత తీయకపోతే, మా ఇద్దరి మధ్య కూడా సైగలే మిగులుతాయి.

నేను అతన్ని ఒంటరిగా కలిశాను. నలుగురి ముందు అంటే పౌరుషానికి పోతాడని, బస్టాండు వెనక బెంచీ మీద కూర్చోబెట్టి చెప్పాను.

"నువ్వు గొంతు ఆపేసి పెదాలు ఆడించేది ఇంక చెయ్యొద్దు. ఆమె మిషను పెట్టుకునేది మానేసింది."

"అయ్యో, తమాషాకు చేస్తి కదా బావా. అక్క ఇంత సున్నితమా?"

"తమాషానా కాదా అని నేను అడగలే. ఆమె సున్నితమా కాదా అనేది కూడా కాదు. నువ్వు ఏం చేసినావో, దాంతో ఏమయిందో చెప్పినా. మళ్లీ చేస్తే, చేసిన చోటే అందరి ముందర చెప్తా. ఆ పొద్దుతో నువ్వు మా ఇంట్లో కూర్చునేది ఆఖరు."

"ఏమప్పా, బస్సు టైము చెప్పినట్ల చెప్తాండావు!" అని నవ్వి, సరే అన్నాడు.

మరుసటి వారం వచ్చి ఆమె ముందు వరండాలో సాష్టాంగపడ్డాడు. "అక్కా, తల్లీ, ఈ పాపిని క్షమించు. లేకుంటే మా బావ నన్ను సస్పెండు చేస్తాడంట!" వీధిలో పోయేవాళ్లు కూడా ఆగి నవ్వారు. క్షమాపణను కూడా ఎగతాళి చేస్తే, దాన్ని ఒప్పుకోకపోవడం మళ్లీ మన తప్పే అవుతుంది. నా భార్య చేతులు చీర కుచ్చిళ్లకు తుడుచుకుంటూ లోపలికి పోయింది. ఆమె చెవికి మిషను లేదు. అతను అన్నదేదీ ఆమెకు వినపడలేదు. నవ్వే నోళ్లు మాత్రం కనపడ్డాయి.

ఇక శనివారం. డ్రాయింగు మాస్టరు భార్య ఉదయం నుంచీ బతిమాలి, నా భార్య చేత మిషను పెట్టించింది. బొరుగులు నానబెట్టి ఉగ్గాని, దానికి తోడు బజ్జీలు చేశారు. అతనూ వచ్చాడు. కాసేపు బాగానే గడిచింది. బొరుగులు సరిగ్గా నానలేదని మాస్టరు అంటే, "నీ బొమ్మల్లో ఏనుగు కంటే మేలే" అని నా భార్య జవాబిచ్చింది. చాలా రోజుల తర్వాత ఆమె మాట మధ్యలో అందుకుని జవాబు చెప్పడం చూశాను.

అప్పుడు అతను బజ్జీ పళ్లెం కింద పెట్టి, మాస్టరుకు కన్ను కొట్టాడు. వేలు పెదవుల మీదికి పోయింది. మాస్టరు నమలడం ఆపాడు. ఆయన భార్య చూపు నేల మీదికి పోయింది. ఫ్యాను చప్పుడు కూడా లేదు, కరెంటు పోయి ఉంది. అతను నా భార్య వైపు తిరిగి, చేతులు ఊపుతూ, ఏదో పెద్ద కథ చెబుతున్నట్టు పెదవులు ఆడించసాగాడు. ఆమె చెయ్యి చెవి దగ్గరికి పోయింది.

ఆ ఆటలో అతని పెదవులు సగమే. మిగతా సగం మా అందరి మౌనం. అందులో ఒక్కరు దగ్గినా ఆట చెడుతుంది. ఇన్నాళ్లూ నేనూ మౌనంగానే ఉన్నాను కదా అని కూర్చుని బాధపడే సమయం కాదది. లేచి నిలబడి, వీధికి వినపడేలా అన్నాను.

"నీ మిషను బాగుండాది. తియ్యద్దు. ఆయప్ప గొంతే ఎత్తలే."

ఆమె చెయ్యి ఆగింది. అతని పెదవులు కూడా ఆగాయి.

"ఏం బావా, నగేదానికి ఏదో..."

"నగేదయితే మాకూ చెప్పు, అందరం నగుతాం. ఇప్పుడు ఏం చేసినావు? అందులో నగు యాడ వస్తాది? విడమర్చి చెప్పు."

"అట్ల అడిగితే ఏం చెప్పల్ల? తమాషా అంటే తమాషానే."

"గొంతు మూసుకోని పెదాలు ఆడిస్తి, ఆమె మిషను చెడిపోయిందనుకోని తడుముకుంటాంటే నగొస్తాది, అని నీ నోటితో చెప్పు."

అతను కింద పెట్టిన బజ్జీ పళ్లెం మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. మాస్టరు గొంతు సవరించుకుని "పోనీలేప్పా, ఇన్ని దినాల స్నేహం" అన్నాడు.

"స్నేహం కాబట్టే ముందే ఒంటరిగా చెప్పినా. మాస్టరూ, ఆయప్ప కన్ను కొట్టినాడు, నువ్వు నమిలేది ఆపితివి. నువ్వు నమిలింటే ఈ ఆటే ఉండేది కాదు."

మాస్టరు ఎరుపెక్కి, చేతిలోని బజ్జీ వైపు చూసుకున్నాడు. నా స్నేహితుడికి ఇప్పుడు కోపం వచ్చింది.

"నీకు వయసు మీద పడి ఓర్పు పోయింది బావా. బావా బామ్మర్దుల మధ్య ఎగతాళి లేకుంటే అది వరసేనా?"

వరస అనే ఆ మాట కోసం నేను వెతుక్కోలేదు. అతనే తెచ్చి చేతికిచ్చాడు.

"వరస నాకూ తెలుసు. నేను నీకు బావను. మరి ఆమె నీకేమవుతాది?"

అతను గేటు వైపు చూశాడు.

"ఇన్నేండ్లుగా పిలుస్తాండావు కదా, ఏమని పిలుస్తాండావో చెప్పు."

"అక్కా అని."

"అక్క వరసకు ఎగతాళి యాడన్నా ఉండాదా? అక్కకు పండక్కి చీర పెడతారు. అక్క ఇంట్లో కొట్లాట అయితే అడిగేదానికి పోతారు. అక్క చెవి చూసి నలుగురిలో నగుతారా? నన్ను ఎంతయినా అను, పడతా, తిరిగి అంటా కూడా. ఆమెను అంటే నాకు నువ్వు బామ్మర్దివి కాదు. ఆ వరసే ఇష్టమొచ్చినట్ల వాడుకుంటానంటే, ఈ పొద్దు నుంచి బావా అని పిలవద్దు. పిలిచినా పలకను. బస్టాండులో చెప్పినా కదా, లెయ్. చెప్పులు ఆడుండాయి."

"తమాషాకు ఇంటికి వచ్చినోన్ని లేపేస్తావా?"

"తమాషాకు కాదు. నిజంగానే."

అతను లేచాడు. చెప్పులు వేసుకుంటూ మాస్టరు వైపు చూశాడు. మాస్టరు అతని వెంట లేవలేదు. గేటు పెద్ద చప్పుడుతో మూసుకుంది. నా భార్య ఆ చప్పుడుకు ఉలిక్కిపడింది. తర్వాత, "మిషను బాగానే ఉండాది. నువ్వు అరిచేది కూడా శానా బాగా వినపడింది" అంది. నాకు నవ్వొచ్చింది, ఆమెకు రాలేదు. "నా మాట నేనే అడిగేదాన్ని. రేపు ఆయప్ప వస్తే నాకు వదులు" అంది.

మర్నాడు ఉదయం ఆమె వరండాలోకి కుట్టు మిషను లాక్కుని కూర్చుంది. చెవికి మిషను ఉంది. నేను పక్కన పేపరు చదువుతున్నాను. గేటు దగ్గర అతని గొంతు వినపడింది.

"బావా."

నేను పేజీ తిప్పాను.

"బావా, వినపడలేదా?" అన్నాడు, పాత అలవాటుతో. అన్న తర్వాత తానే నాలుక కరుచుకున్నాడు. గొంతు తగ్గించి "అక్కా" అన్నాడు.

ఆమె కాలు ఆపింది. "చెప్పు."

"నిన్న నేను తమాషాకు..."

ఆమె మిషను తొక్కడం మొదలుపెట్టింది. ఆ పాత మిషను గడగడలో మిగతా మాట మునిగిపోయింది. అతను ఆగాడు. ఆమె కూడా ఆపింది.

"అది కాదక్కా, నా మనసులో ఏం లేకుండా, ఊరికే..."

మళ్లీ గడగడ. గుడ్డ ముందుకు జరిగింది. ఆమె ముఖంలో కోపం లేదు, పరిహాసం లేదు. కుట్టు వంకర పోకుండా చూసుకుంటోంది.

అతను గేటు ఊచలు పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. జోకు కోసం వెతుకుతున్నాడని నాకు తెలుసు. అతని ముఖం నాకు బాగా తెలిసిన ముఖం. ఈసారి దొరకలేదో, దొరికినా వదిలేశాడో చెప్పలేను.

"నువ్వు తడుముకుంటాంటే చూసి నగితి. తప్పు చేస్తి. ఇంక చెయ్యను."

ఆమె కాలు కదల్లేదు. చివరిదాకా విన్నది.

"వినపడింది," అంది. దారం తెంపి, ఇంకో గుడ్డ అందుకుంది.

అతను నా వైపు చూశాడు. నేను గేటు గడియ తీయలేదు. లోపలికి రమ్మనే మాట ఆమె నోటి నుంచి రావాలి, రాలేదు. అతను వీధి చివరిదాకా మెల్లగా నడిచిపోయాడు. ఆమె నన్ను పిలిచి, కుట్టు నేర్చుకునే పిల్లలను సోమవారం నుంచి రమ్మని చెప్పి రమ్మంది.