ఒక్క ఊపున కాదు

మా మామయ్య, అంటే మా ఆయన నాన్న, చిక్కపేట బజారులో బట్టల మూటలు మోసి ముగ్గురు కొడుకుల్ని పెంచాడు. గోడౌన్లలో దుమ్ము, మూట దించగానే బీడీ, రెండూ కలిసి ఆయన ఊపిరితిత్తుల్ని తినేశాయి. నేను నర్సును. రోగం ముదురుతోందని ఇంట్లో అందరికంటే ముందు నేనే మొత్తుకున్నాను. వింటేగా! "దగ్గు ఎవురికి రాదమ్మా" అని కొట్టిపారేసేవాడు. బీడీ మానేనాటికే మెట్లెక్కలేని స్థితి వచ్చింది.

ఈస్టరు తెల్లవారుజామున మా సంఘం వాళ్లమంతా సమాధుల తోటకు వెళ్తాం. అయినవాళ్ల సమాధులు కడిగి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తాం. అత్తమ్మ సమాధి ఆ చివర, మిట్ట మీద ఉంది. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో ఒక ఈస్టరుకు, గేటు దాటి నాలుగడుగులు వేసేసరికే మామయ్యకు ఊపిరాడలేదు. కొడుకులు ఆయన్ని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి పైకి మోసుకెళ్లారు. జనమంతా పక్కకు జరిగి దారిచ్చారు. ఆయన మాత్రం తలెత్తలేదు.

ఇంటికొచ్చాక నాతో అన్నాడు. "బతుకంతా మూటలు మోసినోణ్ణి. ఇప్పుడు నేనే మూటనైపోతినమ్మా. వచ్చే ఏడు నన్నెవురూ మొయ్యకూడదు. నడిచి పోలేకుంటే మీ అత్త కాడికి నేను రానే రాను." నాకు దుఃఖం ఆగలేదు. కోపం కూడా వచ్చింది, ఆయన మీదో బీడీల మీదో తెలియదు.

మా ఆస్పత్రిలో ఊపిరితిత్తుల జబ్బు వాళ్లకు వ్యాయామం నేర్పేవారు. చెప్పుకోవడానికి పెద్ద పేరే గానీ ఉన్నదల్లా పొడవాటి వరండా, గోడవారగా కుర్చీలు, ఆనేకల్ వైపు నుంచి వచ్చిన ఒక ఫిజియోథెరపిస్టు అమ్మాయి. మామయ్యను తీసుకెళ్లిన మొదటిరోజే ఆ అమ్మాయి మొహమాటం లేకుండా చెప్పేసింది. "పోయిన ఊపిరితిత్తులు తిరిగి రావు తాతా. కాళ్లకు బలమొస్తాది. ఉండే ఊపిరిని పొదుపుగా వాడుకునేది వస్తాది."

ముక్కుతో మెల్లగా పీల్చాలి. ఈల వేసేవాడిలా పెదవులు ముడిచి, పీల్చినదానికి రెట్టింపు సేపు వదలాలి. ఈ జబ్బులో గాలి లోపలే చిక్కుకుపోతుంది. పెదవులు ముడిస్తే ఊపిరి గొట్టాలు తొందరగా మూసుకుపోకుండా ఆ పాత గాలి బయటికొస్తుంది, కొత్తదానికి చోటు దొరుకుతుంది. కూర్చున్నప్పుడు మామయ్య ఇదంతా బుద్ధిగా చేసేవాడు. నడవమంటే మాత్రం వరండా ఆ కొసకు పరుగులాంటి నడకతో పోయి, గోడ పట్టుకుని, పెదవులు నీలమయ్యేదాకా రొప్పేవాడు. దారిలో కుర్చీల వైపు కన్నెత్తి చూసేవాడు కాదు.

"మూట ఎత్తేటప్పుడు ఏం చేస్తావుంటివి తాతా?" అని ఒకరోజు అడిగింది ఆ అమ్మాయి.

"ఏముండాది, ఊపిరి బిగబట్టి ఒక్క ఊపున ఎత్తేది. చిక్కపేట సందుల్లో నడిమధ్యన నిలబడితే ఎనకొచ్చే బండోళ్లు తిట్టి పోస్తారు. మూట దించేదాకా ఆగేది లేదు."

"ఇప్పుడూ అదే చేస్తా ఉండావు. నెత్తిన మూట లేదు తాతా. ఎనకాల బండీ లేదు."

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. మామయ్యది పుట్టుకతో వచ్చింది కాదు, పొట్టకూటి కోసం నేర్చుకున్నది, అయినా అంత సులువుగా వదల్లేదు. లేచేటప్పుడు, మెట్టెక్కేటప్పుడు, చెంబు ఎత్తేటప్పుడు ఊపిరి బిగబట్టేవాడు. "వదలండి మామయ్యా, వదలండి" అని నేను వంటింట్లోంచే అరిచేదాన్ని. నడుస్తూ మాట్లాడగలిగినంత వేగమే నడవాలి, ఆయాసం మాట మింగేస్తే ఆగాలి, తేరుకున్నాక మళ్లీ నడవాలి. అలా ముందు వరండా, తర్వాత మా వీధి, ఆ తర్వాత మిట్ట ఉన్న వీధి. ఆగడం ఓడిపోవడం కాదని ఒప్పుకోవడానికి ఆయనకు కాళ్లకు బలం రావడానికి పట్టినదాని కంటే ఎక్కువ కాలం పట్టింది.

మరుసటి ఈస్టరుకు ఇన్‌హేలరు పీల్చి బయల్దేరాడు. మిట్ట సగంలో ఆగి, ఎవరిదో ఎత్తయిన సమాధి మీద మోచేతులాన్చి ముందుకు వంగాడు. పెద్ద కొడుకు కంగారుగా కుర్చీ కోసం పరుగెత్తబోయాడు. మామయ్య చెయ్యెత్తి ఆపాడు. వెనక జనం నిలిచిపోయారు. వాళ్లను నిలవనిచ్చి, పెదవులు ముడిచి, తొందరేమీ లేనట్టు ఊపిరి వదిలాడు. మళ్లీ నడిచాడు. మళ్లీ ఆగాడు.

అత్తమ్మ సమాధి దగ్గర కూర్చుని, ఊపిరి కుదుటపడ్డాక, "నడిచే వస్తిని" అన్నాడు. నేను పక్కకు తిరిగి కళ్లు తుడుచుకున్నాను.

ఆ తర్వాత ఇంకొన్ని ఈస్టర్లు, ఏటా మరిన్నిసార్లు ఆగుతూ, ఆయన కాళ్ల మీదే వెళ్లాడు. ఆ మిట్ట మీదికి కొడుకులు ఆయన్ని మళ్లీ మోసింది ఒక్కసారే. ఆ రోజు సగం దారిలో, ఆయన మోచేతులాన్చే సమాధి దగ్గర, ఎవరూ చెప్పకుండానే శవపెట్టెతో కాసేపు ఆగారు.