ఫర్నేసుకు పదిహేను గంటలు

మేము స్టీల్ ప్లాంటు క్వార్టర్స్‌లో, సెక్టర్ 7లో ఉన్నప్పుడు మా బావ, అంటే మా ఆయన, ప్లాంటులో చార్జ్‌మన్‌గా ప్రమోషన్ వచ్చే పరీక్షకు చదివాడు. అప్పటికే రెండుసార్లు తప్పాడు. ఇదే చివరి అవకాశం. షిఫ్టులు పోగా చదువుకు యాభై గంటలు మిగిలాయి. సిలబస్‌ను అంశాలుగా విడదీసి, పాత ప్రశ్నపత్రాల్లో ఒక్కోదానికి సగటున ఎన్ని మార్కులు వచ్చాయో చూశాం. మొత్తం వంద మార్కులు కనుక మార్కుకు అరగంట. ఆ ప్రకారం ఫర్నేసు ముప్పై మార్కులకు పదిహేను గంటలు, లెక్కలు ఇరవై మార్కులకు పది గంటలు.

"ఏటి బావా, రోజంతా ఫర్నేసు దగ్గరే ఉంటావు. ఇంటికొచ్చీ అదేనా?"

"మార్కులు దానికే ఎక్కువ కదే!"

పాత పత్రంలోంచి ఫర్నేసు ప్రశ్న ఒకటి అడిగాను. గడగడా చెప్పేశాడు. శాతాల లెక్క ఇచ్చాను. దాహమేస్తోందన్నాడు.

"మంచినీళ్లకి మార్కులెయ్యరు," అని ఫర్నేసు గంటల్లో పది తీసి లెక్కలకు కలిపాను. గొణుగుతూనే లెక్కల పుస్తకం తీశాడు.

పాసయ్యాడు. లెక్కల్లో ఇరవైకి పద్దెనిమిది, ఫర్నేసులో ముప్పైకి ఇరవై ఒకటి.

"ఆ తొమ్మిదీ నువ్వు మింగినవే," అని పోయేదాకా దెప్పుతూనే ఉన్నాడు.