ఎర్రప్ప చూడకుండా లాగిన బోరు

ముదిగుబ్బ చుట్టుపక్కల బోరు మోటార్లు ఎత్తేవాళ్లకు కొదవ లేదు. వాళ్లలో సగం మందికి నా కొట్టులో ఖాతా ఉంది, ఒక్కడికీ ఓపిక లేదు. మోటారు పైకి వస్తూ మధ్యలో ఇరుక్కుంటే చెయిన్ పుల్లీని ఇంకాస్త బలంగా లాగుతారు. వస్తే వాళ్ల గొప్ప, రాకపోతే రైతు కర్మ. పైపులూ కప్లింగులూ అమ్ముకునే శేషయ్యను నేను. వాళ్ల తొందర వల్ల నాకు బేరమే తప్ప నష్టం లేదు. అయినా వాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఎర్రప్ప ఒక్కడే వేరు. ఇరుక్కున్న చోట పుల్లీ ఆపేసి, సంచిలోంచి చిటికెన వేలంత కెమెరా తీసేవాడు. దాని వెనక ముప్పై అడుగుల పైచిలుకు సన్నని వైరు, వైరు చివర ఫోనుకు గుచ్చే పిన్ను. ముందు చిన్న లైట్లు. పైపు పక్కనుంచి దాన్ని మెల్లగా బోరులోకి దించి, ఫోనులో చూసి, అడ్డం ఏమిటో తెలిశాకే మళ్లీ గొలుసు ముట్టుకునేవాడు.

"కనపడనిదాన్ని యెట్ల లాగేదన్నా? లోపల ఉండేది ఇంగొకరి బతుకు" అనేవాడు.

బోరుకు స్కానింగ్ తీసే డాక్టరని జనం ఎగతాళి చేసేవాళ్లు. నవ్వి ఊరుకునేవాడు. భార్య పోయాక కూతురు మౌనికను తానే పెంచాడు. అనంతపురంలో డిగ్రీ చదివిస్తున్నాడు. ఫోను విషయాల్లో ఆ పిల్ల మాటంటే అతనికి వేదం. ఫోనులో ఏదో యాప్ అడిగినదానికల్లా సరే అని నొక్కి, వాళ్ల వీధిలో ఒకాయన బ్యాంకులో ఉన్నదంతా పోగొట్టుకున్నాడు. అప్పటినుంచి మౌనిక ఒకటే పాట. "ఏది అడిగినా వద్దు అని కొట్టు నాయనా. నాకు చెప్పకుండా దేనికీ సరే అనొద్దు." ఎర్రప్ప ఆ మాట ఎన్నడూ దాటలేదు.

మొన్న ఎండాకాలం హనుమక్క బోరు మోటారు కాలిపోయింది. మూడెకరాల చీనీ తోట, అంటే బత్తాయి, దానికి ఉన్నది ఆ ఒక్క బోరే. బిడ్డలు లేని మనిషి, మొగుడూ లేడు. బోరు వేయకముందు బిందెలతో నీళ్లు మోసి చెట్లను బతికించుకుంది. ఆ ఏడే మొదటిసారి నిండుగా కాపు పట్టింది. నీళ్లు ఆగి అప్పటికే ఆకు ముడుచుకుంటోంది, పిందె రాలుతోంది. మోటారు బయటికి తీసి, బాగుచేసి, మళ్లీ దించాలి. అది కాకపోతే తోట లేదు. ఎర్రప్పనే పిలిపించింది.

నేను కొత్త పైపులు వేసుకుని ఆటోలో వెళ్లేసరికి ఆఖరిది తప్ప పైపులన్నీ ఒక్కొక్కటే బయటికి వచ్చేశాయి. ఆఖరి పైపుకు తగులుకుని మోటారు ఇరవై అడుగుల లోతున ఆగిపోయి ఉంది. కాస్త దించి చూశారు, తిప్పి చూశారు. కదల్లేదు. ఎర్రప్ప గొలుసు కట్టేసి కెమెరా తీశాడు.

అతని పాత ఫోను నీళ్ల తొట్టిలో పడి పాడైంది. ఇది కొత్తది. పిన్ను గుచ్చితే కెమెరా లైట్లు కూడా వెలగలేదు.

"ఇదేందన్నా, సచ్చిపోయినట్ల ఉండాది?" అన్నాడు.

నాదీ అదే కంపెనీ ఫోను. బయటి వస్తువు గుచ్చితే దానికి కరెంటు ఇవ్వాలంటే ఈ ఫోనుల్లో సెట్టింగుల్లోకి పోయి ఓటీజీ అనేది ఆన్ చెయ్యాలి. పెన్‌డ్రైవ్ పెట్టుకోవడానికి నేను చేస్తుంటాను. ఆన్ చేశాను. లైట్లు వెలిగాయి. హనుమక్క చేతులెత్తి దండం పెట్టింది.

ఎర్రప్ప ఫోనులో ఉన్న కెమెరా తెరిచాడు. మా కాళ్లూ, మట్టీ కనిపించాయి, బోరు కాదు. ఫోను కెమెరాకు దాని సొంత కళ్లే తెలుసు. వైరు చివర ఉన్నదాంతో మాట్లాడాలంటే వేరే యాప్ కావాలి. పాత ఫోనులో కెమెరా అమ్మినవాడే ఆ యాప్ వేసి, అన్నీ నొక్కి ఇచ్చాడు. ఎర్రప్పకు దాని పేరు గుర్తుండి వెతికి పట్టుకున్నాడు. ఆ తోటలో సిగ్నల్ అంతంతమాత్రం. యాప్ దిగేదాకా గట్టు మీద నిలబడ్డాడు.

నేను బోరు దగ్గర వైరు పట్టుకుని ఉన్నాను. అతను వచ్చి, పిన్ను గుచ్చి యాప్ తెరవగానే అది ఏదో అడిగింది. అతను ఏదో నొక్కాడు. తెర నల్లగా ఉండిపోయింది.

పీకి గుచ్చాడు. మూసి తెరిచాడు. లైట్లు వెలుగుతున్నాయి, బొమ్మ లేదు. మౌనికకు ఫోన్ చేస్తే స్విచ్ ఆఫ్. పరీక్ష హాల్లో ఉంది.

"లోపలికి తేమ పోయి కన్ను పోయినట్టుండాది" అన్నాడు ఎర్రప్ప.

"రేపు చూద్దాం లేప్పా" అన్నాను.

"రేపటికి నా చెట్లుంటాయా శెట్టీ?" అని హనుమక్క నా మీద లేచింది. తర్వాత ఎర్రప్ప వైపు తిరిగి గొంతు తగ్గించింది. "నువ్వే లాగు నాయనా. నీ చెయ్యి మంచిది."

ఆ మాటే అతన్ని పడగొట్టింది. తిట్టి ఉంటే వినేవాడు కాదు. కెమెరా పక్కన పెట్టి, గొలుసు అందుకున్నాడు. ఇన్నేళ్లలో చూడకుండా లాగడం నేనెరిగి అదే మొదలు. ఒక్కో లాగుకూ ఆగి చెవి పెట్టి వింటున్నాడు. లోపల ఏదో కిర్రుమంది. తర్వాత పెద్ద శబ్దం. పైపు ఒక్కసారిగా తేలికై పైకెగిరింది. పైపును మోటారుకు కలిపే కప్లింగు మర ఊడిపోయింది. మోటారు తన కరెంటు వైరు తెంచుకుని కిందికి పోయింది, దాని వెనకే మట్టి రాలే చప్పుడు ఆగకుండా వినపడింది. ఇక ఆ బోరు పూడినట్టే.

హనుమక్క ఏడవలేదు. బోరు పక్కన కూలబడింది.

అప్పుడు మోగింది ఫోను. మౌనిక. స్పీకర్ నేనే నొక్కాను.

"నాయనా, ఫోన్ చేసినావంట? ఇప్పుడే బయటికొచ్చినా."

"కెమెరా కనపడలేదు తల్లీ. యాప్ వేసినా నల్లగానే ఉండాది."

"ఫోటోలు, వీడియోలు తియ్యనియ్యాలా అని అడిగింటాది గదా. ఏం కొట్టినావు?"

"వద్దు అని" అన్నాడు ఎర్రప్ప.

"అయ్యో, దానికి సరే అనాల నాయనా. వద్దంటే బయటి కెమెరా బొమ్మను గూడా ఫోను ఆ యాప్‌కు ఇయ్యదు. సెట్టింగుల్లో యాప్ పేరు మీద నొక్కి, కెమెరా అని ఉంటాది, దానికి అనుమతి ఇయ్యి."

చెప్పినట్టే చేశాడు. వైరు పీకి మళ్లీ గుచ్చాడు. బొమ్మ వచ్చింది, అద్దంలో చూసినంత బాగా. నేను వైరు దించాను. ఇరవై అడుగుల దగ్గర, మట్టి కూలకుండా బోరు చుట్టూ దించే కేసింగ్ పైపు పగిలి, పెచ్చు ఒకటి లోపలికి వంగి ఉంది. మోటారు భుజం గీసుకున్న తెల్లని గీత దాని మీద ఇంకా కొత్తగా ఉంది. ఆ పగులులోంచి మట్టి జారుతూనే ఉంది. అరచేయంత పెచ్చు. కొక్కెం వేసి పక్కకు వంచి ఉంటే మోటారు వచ్చేసేది. అలాంటివి అతను ఎన్ని తీశాడో నాకు తెలుసు.

హనుమక్క లేచి వచ్చి ఫోనులోకి చూసింది. "ఇదేనా అడ్డం?" అని అడిగింది.

"ఇదే అక్కా" అన్నాడు ఎర్రప్ప.

"నాయనా, వచ్చిందా?" అవతల మౌనిక అడుగుతోంది. "నేనే ముందే చెప్పి ఉండాల్సింది. నా వల్ల పనేమన్నా ఆగిందా?"

ఎర్రప్ప ఆ చీనీ చెట్ల వైపు చూశాడు.

"లేదమ్మా, ఏం ఆగలేదు. ఊరికే అడిగినా" అన్నాడు. "పరీక్ష బాగా రాసినావా?"